చాపం ఎక్కడ ఆగింది? ఒకే పటం, రెండు జవాబులు

నేపథ్యం

నేను తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెబుతాను. ఇంటి దగ్గర చేస్తూ ఆగిపోయిన లెక్కను పిల్లలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. బీజగణితం లెక్క అయితే ఫొటో కాస్త మసకగా ఉన్నా చిక్కు లేదు, ఒక అంకె కనపడకపోతే చదివి చెప్పమంటే చాలు. జ్యామితిలో అలా కుదరదు. చాలా లెక్కల్లో అసలు దత్తాంశం వాక్యంలో ఉండదు, పటంలో ఉంటుంది. భుజాల మీద గీసిన చిన్న అడ్డగీతలు ఏ భుజాలు సమానమో చెబుతాయి, శీర్షాల దగ్గర గీసిన చాపాలు ఏ కోణాలు సమానమో చెబుతాయి. వాటిలో ఒక్కదాన్ని తప్పు చదివినా లెక్క మారిపోతుంది. మారిన లెక్కకు కూడా ఒక్కోసారి చక్కని జవాబే వస్తుంది కాబట్టి తప్పు చదివామన్న అనుమానం కూడా రాదు.

ఈ కేసును రాయడానికి కారణం అదే. పాప తొమ్మిదో తరగతి చదువుతోంది, లెక్కల్లో గట్టి పిల్ల. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. లెక్క మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

వచ్చిన సమస్య

రాత్రి తొమ్మిది దాటాక రెండు ఫొటోలు వచ్చాయి. ఒకటి పుస్తకంలో లెక్క, ఇంకొకటి ఆమె నోట్సు. మర్నాడు స్లిప్ టెస్ట్. “సార్, నాకు 30 వస్తోంది. వెనకాల కీలో 36 ఉంది. నాలుగుసార్లు చేశాను. కీ తప్పా సార్?” అని మెసేజ్. టెన్షన్ పడుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

లెక్క వాక్యం ఇంతే: “పటంలో AC పై D ఒక బిందువు. x విలువ కనుగొనండి.” ఒక్క కోణం కొలత గానీ, ఒక్క పొడవు గానీ ఇవ్వలేదు. ఉన్నదంతా పటంలోనే ఉంది. పైన A, కింద ఎడమవైపు B, కుడివైపు C. AC మీద D, B నుంచి D కి ఒక గీత. AD మీద ఒక అడ్డగీత, BD మీద ఒక అడ్డగీత, BC మీద కూడా ఏదో ఉంది. A దగ్గర చిన్న చాపం, దాని పక్కన x అని రాసి ఉంది. B దగ్గర ఒక చాపం, C దగ్గర ఒక చాపం.

ఫొటో బల్బు వెలుతురులో, పుస్తకం ఒళ్లో పెట్టుకుని తీసినట్టుంది. పటం కుట్టు పక్కనే ఉండటంతో పేజీ వంగి B శీర్షం లోపలికి పోయింది. దాని మీద ఫోన్ నీడ కూడా పడింది. లెక్కకు అత్యంత అవసరమైన చోటే సరిగా కనపడటం లేదు.

మొదట నోట్సు ఎందుకు చూశానంటే

పిల్లల జవాబు, కీ కలవనప్పుడు నేను ముందు వాళ్లు రాసిన పద్ధతి చదువుతాను. తప్పు పద్ధతిలో ఉంటే ఫొటోతో పనిలేదు. ఆమె రాసింది ఇది. AD = BD కాబట్టి ∠ABD = x. D దగ్గర బాహ్యకోణం ∠BDC = x + x = 2x. BD = BC కాబట్టి ∠C = 2x. తర్వాత “∠B = ∠C, పటం నుంచి” అని రాసి, త్రిభుజం BDC లో మూడు కోణాలూ 2x అని తీసుకుంది. 6x = 180°, x = 30°.

ఒక్క మెట్టు కూడా జారలేదు. పైన కొట్టేసిన ప్రయత్నం ఒకటి కనిపించింది. అందులో A, B, C మూడు చోట్లా ఒకే చాపం ఉంది కాబట్టి మూడు కోణాలూ సమానమని మొదలుపెట్టింది. ∠A = x, ∠C = 2x, రెండూ సమానమైతే x = 2x అని వచ్చింది. అది కుదరదని తనే గ్రహించి కొట్టేసింది. అక్కడ ఆమె చేసింది సరైన పనే. A దగ్గరి చాపం ‘నేను x అని పిలుస్తున్న కోణం ఇది’ అని చూపించడానికి మాత్రమే. పక్కన అక్షరమో కొలతో రాసిన చాపం చాలాసార్లు పేరుపలక లాంటిదే. పక్కన ఏమీ రాయకుండా, ఇంకో చోట అలాంటిదే కనిపించే చాపం సమానత్వాన్ని చెబుతుంది. రెండూ ఒకే గుర్తుతో గీయడం పుస్తకాల అలవాటు, పిల్లలకు అదొక ఉచ్చు. ఆమె ఆ ఉచ్చు లోంచి బయటపడింది.

కాబట్టి మిగిలింది ‘పటం నుంచి’ అన్న ఆ ఒక్క మాట. ∠B = ∠C అంటే ఏ ∠B? B దగ్గర మూడు గీతలు కలుస్తున్నాయి: BA, BD, BC. అక్కడ ఉన్నవి మూడు కోణాలు: ABD, DBC, ABC. ఆమె ∠B అని రాసి ∠DBC గా వాడుకుంది. చాపం BD దగ్గర ఆగిపోయి ఉంటే ఆమె జవాబు సరైనది. BD ని దాటి BA వరకు వెళ్లి ఉంటే అది ∠ABC, అప్పుడు లెక్క వేరు. ఫొటోలో ఆ చాపం నీడలో కలిసిపోయింది.

ప్రయత్నించినవి, పనికిరానివి

నేను మొదట చేసింది అందరూ చేసేదే: ఫొటోను పెద్దది చేసి చూడటం. లాభం లేకపోయింది. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోను కుదించి పంపుతుంది. సన్నని గీత, దాని పక్కన సన్నని ఖాళీ ఉన్నచోట చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పోయిన ఖాళీ జూమ్ చేస్తే తిరిగి రాదు, కలిసిపోయిన మచ్చే పెద్దదవుతుంది.

తర్వాత గ్యాలరీలో కాంట్రాస్ట్ పెంచాను. ఇది కొత్త చిక్కు తెచ్చింది. BC మీద అప్పటివరకు ఒక నల్లటి అడ్డగీత, దాని పక్కన లేత బూడిదరంగు గీత ఒకటి ఉన్నట్టుండేది. కాంట్రాస్ట్ పెంచగానే రెండూ నల్లగా అయి, BC మీద జంట అడ్డగీతలు ఉన్నట్టు కనిపించింది. అదే నిజమైతే BD = BC అన్నదే పోతుంది, ఎందుకంటే ఒక గీత ఉన్న భుజాలు ఒక గుంపు, రెండు గీతలు ఉన్నవి ఇంకో గుంపు. పాప లెక్కలో మూడో మెట్టే కూలిపోతుంది.

ఇక్కడ కాసేపు కాగితం తీసుకుని కూర్చున్నాను. జంట గీతల పఠనం నిలబడుతుందా అని చూడటానికి నాకు రెండు పరీక్షలు ఉన్నాయి.

మొదటిది, జోడీ పరీక్ష. సమానత్వపు గుర్తు ఒంటరిగా ఉండదు. జంట అడ్డగీతలు BC మీద ఉంటే, అవే గీతలు ఇంకో భుజం మీద కూడా ఉండాలి. AD మీద, BD మీద ఒక్కో గీతే ఉంది. AB, DC ల మీద ఏమీ లేవు. అంటే జంట గీతలకు జోడీ లేదు. జోడీ లేని గుర్తు కనిపించిందంటే, దాన్ని నేను తప్పు చదివి ఉండాలి, లేదా దాని జోడీ ఫొటోలో పడకుండా పోయి ఉండాలి.

రెండోది, లెక్కింపు పరీక్ష. త్రిభుజం ఆకారం తేలాలంటే రెండు కోణాలు తెలియాలి. AC మీద D ఎక్కడుందో తేలాలంటే ఇంకో సంగతి తెలియాలి. కొలతలేవీ ఇవ్వలేదు కాబట్టి ఈ పటానికి మొత్తం మూడు విడి షరతులు కావాలి. AD = BD ఒకటి, BD = BC రెండోది, చాపాలు చెప్పే సమానత్వం మూడోది. సరిగ్గా సరిపోయాయి. BC గుర్తును తీసేస్తే రెండే మిగులుతాయి. నిజంగానే అప్పుడు x తేలదు. AD = BD, ∠ABC = ∠C అని మాత్రమే తీసుకుంటే x = 40° పెట్టినా కుదురుతుంది (B, C లు 70° చొప్పున), x = 50° పెట్టినా కుదురుతుంది (65° చొప్పున). కాబట్టి BC మీద ఒక్క గీతే అయి ఉండాలి.

అయితే ఇది చదవడం కాదు, ఊహించడం. ‘లెక్కకు జవాబు ఉండి తీరాలి’ అన్న నమ్మకం మీద నిలబడిన తీర్మానం. పుస్తకాల్లో దత్తాంశం చాలని లెక్కలు కూడా అచ్చవుతాయి. అందుకే దీన్ని అనుమానంగానే ఉంచుకున్నాను.

పైగా లెక్కింపు పరీక్ష అసలు ప్రశ్నకు జవాబు చెప్పదు. చాపం ∠DBC ది అయినా, ∠ABC ది అయినా షరతులు మూడే. మొదటి దానికి 30°, రెండో దానికి 36°. రెండు పటాలూ గీయవచ్చు, రెండింటిలోనూ వైరుధ్యం లేదు. 30° అయితే త్రిభుజం BDC సమబాహు త్రిభుజం అవుతుంది, ∠ABC లంబకోణం, D సరిగ్గా AC మధ్యబిందువు. 36° అయితే ABC కోణాలు 36°, 72°, 72°. యూక్లిడ్ క్రమ పంచభుజి నిర్మాణానికి వాడుకున్న త్రిభుజం ఇదే. రెండూ అందమైన లెక్కలే, పుస్తకం రాసినవాళ్లు దేన్నైనా అడిగి ఉండవచ్చు.

“కోణమానినితో కొలిచి చూశాను సార్, 40 దాకా వచ్చింది” అని పాప మధ్యలో మెసేజ్ పెట్టింది. కొలవడం వల్ల ఉపయోగం లేదని చెప్పాను. పుస్తకంలో పటం కొలతల ప్రకారం గీసింది కాదు, ఆ 40 అటు 30 కీ సాక్ష్యం కాదు, ఇటు 36 కీ కాదు. ఇక ఫొటో మీద కొలవడం మరీ పనికిరాదు. ఫోన్ వంచి తీస్తే కోణాలు మారతాయి, పొడవుల నిష్పత్తులు మారతాయి. పేజీ చదునుగా ఉన్నంతవరకు మారనివి కొన్ని ఉన్నాయి: తిన్నని గీత తిన్నగానే ఉంటుంది, ఒక బిందువు ఏ గీత మీద ఉందో మారదు, అడ్డగీతల సంఖ్య మారదు, ఒక చాపం ఒక గీతను దాటిందా లేదా అన్నది మారదు. ఫొటోను చూసేటప్పుడు నేను ఈ రెండో రకం ప్రశ్నలే అడుగుతాను.

ఆ తర్వాత ఒక పొరపాటు చేశాను. పటాన్ని నోట్సులో పెద్దగా గీసి పంపమన్నాను. ఐదు నిమిషాల్లో నీట్‌గా గీసి పంపింది. అందులో B దగ్గరి చాపం BD నుంచి BC వరకే ఉంది. చూడగానే తేలిపోయిందనుకున్నాను, అంతలోనే అనుమానం వచ్చింది. ఆమె గీసింది పుస్తకంలో ఉన్న చాపమా, తను అర్థం చేసుకున్న చాపమా? అంతకుముందే ఆమె నాలుగుసార్లు ∠DBC తీసుకుని లెక్క చేసింది. చేతితో మళ్లీ గీసేవారు తమ అర్థాన్నే గీస్తారు, అది సాక్ష్యం కాదు. ఆ పని అడగడం నా తప్పు.

కీలో 36 ఉంది కాబట్టి చాపం ABC దే అని చెప్పేసి పడుకోవచ్చు కూడా. అలా చెప్పలేదు. కీలో తప్పులు పడటం నేను చాలాసార్లు చూశాను. అదీగాక, కీ చూసి దత్తాంశాన్ని మార్చుకోవడం అలవాటైతే మర్నాడు పరీక్షలో ఆ పాప ఏం చేస్తుంది? అక్కడ కీ ఉండదు.

పనిచేసింది

ఫోన్ చేశాను. వాళ్లమ్మ ఎత్తి పాపకు ఇచ్చింది. లెక్క గురించి మాట్లాడకుండా, పుస్తకాన్ని బల్ల మీద పరిచి కుట్టు దగ్గర అరచేత్తో నొక్కి పట్టుకోమన్నాను. ఆ పేజీ వెనక ఒక నల్లటి కాగితమో, ముదురు రంగు నోట్‌బుక్ అట్టో పెట్టమన్నాను. పల్చటి కాగితం మీద వెనక పేజీలోని అచ్చు ఇవతలికి కనిపిస్తుంది. వెనక నల్లగా ఉంటే ఆ తేడా తగ్గిపోయి, ఇవతలి పేజీలో అచ్చైన గీతలే మిగులుతాయి. ఫ్లాష్ వద్దని, బల్బు పక్కనుంచి పడేలా కూర్చోమని, ఫోన్‌ను పేజీకి సరిగ్గా పైన పట్టి రెండు ఫొటోలు తీయమని చెప్పాను: ఒకటి పటం మొత్తం, ఒకటి B శీర్షం మాత్రమే. వాటిని మామూలు ఫొటోలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమన్నాను, అలా పంపితే కుదింపు ఉండదు.

ఫొటోలు వచ్చేలోపు పుస్తకం ఆమె చేతిలోనే ఉంది కదా అని ఒక్క ప్రశ్న అడిగాను. “కోణం పేరు చెప్పొద్దమ్మా. BC మీద పెన్ను మొన పెట్టి, చాపం మీదుగా పైకి నడిపించు. మొన BD గీత దగ్గర ఆగుతోందా, దాన్ని దాటి ఇంకా వెళ్తోందా?”

కొంచెంసేపు మాట లేదు. తర్వాత, “దాటుతోంది సార్. AB దాకా వెళ్తోంది. BD దగ్గర చాపం కొంచెం లేతగా ఉంది, అక్కడితో అయిపోయిందనుకున్నాను.”

ప్రశ్న ఇలా అడగడానికి కారణం ఉంది. ‘చాపం ఏ కోణానిది?’ అని అడిగితే ఆమె తనకు ముందే తెలిసిన జవాబు చెబుతుంది. ‘ఆగిందా, దాటిందా?’ అంటే కంటితో చూసి చెప్పాల్సిందే. అందులో జ్యామితి లేదు, అభిప్రాయానికి చోటు లేదు.

ఆ మాటనొక్కదాన్నే నమ్మకుండా ఫొటోల కోసం ఆగాను. B దగ్గరి ఫొటోలో చాపం BC నుంచి మొదలై BD ని కోసుకుంటూ BA ని తాకింది. BD తగిలే చోట అచ్చు లేతగా పడింది. BC మీద ఒక్క అడ్డగీతే. బూడిదరంగు గీత దాదాపు మాయమైంది. ఆ రెండో గీత వెనక పేజీదని మొదటి ఫొటోలోనే పట్టుకోగలిగేవాణ్ని. జంట అడ్డగీతలు ఎప్పుడూ ఒకే పొడవులో, ఒకే వాలులో, ఒకే నలుపులో ఉంటాయి, భుజానికి రెండు వైపులా కొంచెం కొంచెం పొడుచుకొచ్చి ఆగుతాయి. ఆ బూడిద గీత BC ని దాటి కిందికి చాలా దూరం సాగింది. కాంట్రాస్ట్ పెంచే తొందరలో దాని పొడవు చూడలేదు.

ఇంకొకటి కూడా సరిచూశాను. AC మీద ఉన్న అడ్డగీత AD దేనా, మొత్తం AC దా? A, D ల మధ్య ఉన్నంత మాత్రాన AD దే అనుకోకూడదు. D బిందువు C వైపు జరిగి ఉంటే AC మధ్యభాగం కూడా A, D ల మధ్యే పడుతుంది. అడ్డగీతను సాధారణంగా ఆ భుజం నడుమ గీస్తారు. ఇక్కడ అది AD నడిమిలో, D కి దూరంగా ఉంది. AC ది అయితే D కి బాగా దగ్గరగా ఉండేది.

అప్పుడు పాపను లెక్క చేయమనలేదు. ముందు దత్తాంశాన్ని వాక్యంగా రాయమన్నాను, ప్రతి కోణానికీ మూడక్షరాలతో. ఆమె రాసింది: “AD = BD = BC. ∠ABC = ∠ACB. ∠BAC = x.” అంతే, మిగతాది ఆమె చేతిలో తానే నడిచింది. ∠ABD = x, ∠BDC = 2x, ∠BCD = 2x, కాబట్టి ∠ABC = 2x. పెద్ద త్రిభుజంలో x + 2x + 2x = 180°, x = 36°. సరిచూసుకోవడానికి ∠DBC = 2x − x = 36°, త్రిభుజం BDC లో 36 + 72 + 72 = 180. కుదిరింది.

“మరి నా 30 తప్పేనా సార్?” అని అడిగింది. నువ్వు రాసిన దత్తాంశానికి 30 సరైన జవాబే, ఆ దత్తాంశం పుస్తకంలోది కాదు అని చెప్పాను. ఈ తేడా ఆమెకు తెలియడం నాకు ముఖ్యం. లేకపోతే బాహ్యకోణం దగ్గరో సమద్విబాహు త్రిభుజం దగ్గరో తప్పు వెతుక్కుంటూ, బాగా వచ్చిన వాటి మీదే నమ్మకం పోగొట్టుకునేది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

పిల్లల దగ్గర ∠B అన్న రాతను, B దగ్గర రెండే గీతలు ఉన్నప్పుడు తప్ప ఒప్పుకోవడం మానేశాను. ఈ పాప తప్పు పుట్టింది అక్కడే. కళ్లు చాపాన్ని పొరబడితే, ఆ పొరపాటును ∠B అన్న ఒక్క అక్షరం నాలుగు ప్రయత్నాల్లోనూ దాచిపెట్టింది. మొదటిసారే ∠DBC = ∠C అని రాసి ఉంటే, కీ కలవనప్పుడు ఆ పంక్తి దగ్గరే ఆగి పుస్తకం వైపు చూసి ఉండేది.

ఫొటో రాగానే నేను ఇప్పుడు ముందు గుర్తులను ఏరుకుంటాను, వాక్యం తర్వాత చదువుతాను. ప్రతి గుర్తుకూ జోడీ వెతుకుతాను. A దగ్గరి చాపంలా పేరు చూపించే చాపాలను పక్కన పెడతాను. ఆ తర్వాత షరతులు లెక్కపెడతాను. తక్కువైతే ఏదో గుర్తు నాకు కనపడలేదని, ఎక్కువైతే ఒక గుర్తును రెండుసార్లు చదివానో లేక వెనక పేజీ గీతను కలుపుకున్నానో అని అనుమానిస్తాను. సరిపోయినంత మాత్రాన సరిగ్గా చదివానని అనుకోను. ఈ లెక్కలో రెండు పఠనాలకూ షరతులు సరిపోయాయి కదా.

కొన్నిసార్లు పుస్తకం పిల్లల దగ్గర ఉండదు. స్నేహితురాలు పంపిన ఫొటోనే వీళ్లు నాకు పంపుతారు, మళ్లీ తీసే వీలుండదు. అలాంటప్పుడు ఒక జవాబు ఎంచుకోవడం లేదు. “చాపం ∠ABC ది అయితే 36°, ∠DBC ది అయితే 30°, పుస్తకం చూసి BD దగ్గర ఆగిందో లేదో కనుక్కో” అని రెండూ రాసి పంపుతున్నాను.